బంతి పెద్దదైనా మిగిలేది అంతే

*మాస్టారూ, గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. దాని పుస్తకంలో ఒక లెక్క ఉంది: "ఒక గోళానికి కేంద్రం గుండా 6 సెం.మీ. పొడవైన స్థూపాకార రంధ్రం చేశారు. మిగిలిన భాగం ఘనపరిమాణం ఎంత?" గోళం సైజు ఇవ్వలేదు, రంధ్రం వెడల్పు ఇవ్వలేదు. ఇది లెక్కే కాదన్నాను. అది మాత్రం జవాబు 36π అని, గోళం ఎంతదైనా అదేనని అంటోంది. చిన్న బంతికీ, భూగోళమంత బంతికీ మిగిలేది ఒకటే ఎలా అవుతుంది? ఎవరిది రైటు?*
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

మీ అమ్మాయి చెప్పిన జవాబు సరైనది. 36π అంటే సుమారు 113.1 ఘన సెంటీమీటర్లు. అయితే మీ అభ్యంతరం కూడా గాలిలోంచి పుట్టింది కాదు. లేత్ మీద పనిచేసే మనిషికి రంధ్రం అనగానే ముందు గుర్తొచ్చేది డ్రిల్ బిట్ సైజు. ఒకే బిట్‌తో చిన్న బంతికీ పెద్ద బంతికీ రంధ్రం వేస్తే మిగిలేది ఒకటి కానే కాదు. పెద్ద బంతిలో చాలా ఎక్కువ మిగులుతుంది. అలాంటి ప్రశ్నకైతే బంతి సైజు చెప్పకుండా జవాబు రాదు. కానీ ఈ లెక్కలో కదలకుండా ఉంచింది రంధ్రం వెడల్పును కాదు, పొడవును. మొత్తం తేడా అక్కడే ఉంది.

ముందు ఆ పొడవు అంటే ఏమిటో తేల్చుకుందాం, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 10 సెం.మీ. వ్యాసం ఉన్న బంతి తీసుకోండి. దాని నడుమ నుంచి డ్రిల్ ఒక వైపు దూరి రెండో వైపు బయటికి రావాలంటే 10 సెం.మీ. ప్రయాణం చెయ్యాలి. అయినా రంధ్రం పొడవు 10 కాదు. డ్రిల్ వెళ్లినచోట పైన ఒక టోపీ లాంటి ముక్క, కింద ఒక టోపీ లాంటి ముక్క కూడా మాయమవుతాయి. పని అయ్యాక ఆ వస్తువును బల్లమీద నిలబెట్టి కాలిపర్‌తో కొలిస్తే, కింది అంచు నుంచి పై అంచు దాకా ఉన్న గోడ ఎత్తే మీకు దొరుకుతుంది. లెక్కలో 6 సెం.మీ. అన్నది ఆ గోడ ఎత్తు. మిగిలిన వస్తువు బయట ఉబ్బుగా, లోపల నిటారుగా ఉండే ఒక కడియం. ఇక్కడి నుంచి దాన్ని కడియం అనే అంటాను.

ఇప్పుడు గోడ ఎత్తు 6 రావాలంటే రంధ్రం ఎంత వెడల్పు ఉండాలి? బంతి కేంద్రం నుంచి కడియం పై అంచుకు ఒక గీత గీయండి. అంచు బంతి ఉపరితలం మీదే ఉంది కాబట్టి ఆ గీత పొడవు బంతి వ్యాసార్ధం, అంటే 5. అంచు కేంద్రానికి 3 సెం.మీ. ఎత్తున ఉంది, 6లో సగం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం రంధ్రం వ్యాసార్ధం వర్గం 25 − 9 = 16. కాబట్టి రంధ్రం వ్యాసార్ధం 4. మీరు కోరుకుని పెట్టిన సంఖ్య కాదిది. బంతి 5 అని, ఎత్తు 6 అని చెప్పిన క్షణంలోనే రంధ్రం 4 అయి తీరాలి. బంతి వ్యాసార్ధం 50 చేస్తే? 2500 − 9 = 2491, దాని వర్గమూలం 49.91. బంతి పెరిగితే రంధ్రం కూడా పెరిగిపోతుంది, దాదాపు బంతి అంత వెడల్పు అయిపోతుంది. మీ మనసులో ఉన్న "పెద్ద బంతి, అదే డ్రిల్" అనే బొమ్మ ఈ లెక్కలో ఎక్కడా లేదు.

చిన్న బంతితో లెక్క పూర్తిగా చేద్దాం. వ్యాసార్ధం 5 ఉన్న గోళం ఘనపరిమాణం 4/3 × π × 125, అంటే 523.6. అందులోంచి పోయిన స్థూపం వ్యాసార్ధం 4, ఎత్తు 6. దాని ఘనపరిమాణం π × 16 × 6, అంటే 301.6. చాలామంది ఇక్కడే ఆగి తీసివేసి 222 అని రాసేస్తారు. ఆ జవాబు వచ్చిందంటే టోపీలు మరచిపోయారని అర్థం. ఒక్కో టోపీ ఎత్తు 5 − 3 = 2. R వ్యాసార్ధం ఉన్న గోళంలో పైనుంచి d లోతు వరకు కోసిన టోపీ ఘనపరిమాణానికి సూత్రం ఇది:

πd²(3R − d)/3

d = 2, R = 5 పెడితే 52π/3, అంటే 54.45. రెండు టోపీలకు కలిపి 108.9. ఇప్పుడు 523.6 − 301.6 − 108.9 = 113.1. π లోనే ఉంచి చేస్తే ఖచ్చితంగా 36π వస్తుంది, మీరే ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

ఒక్క బంతికి వస్తే అన్నిటికీ వచ్చినట్టు కాదు కదా. 50 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న బంతి దగ్గరికి వెళ్దాం, అంటే అడ్డంగా మీటరు. రంధ్రం వ్యాసార్ధం 49.91 అని చూశాం. కడియం నడుమ దగ్గర మందం 50 − 49.91 = 0.09 సెం.మీ., అంటే మిల్లీమీటరు కూడా లేదు. ఇంత పల్చని కడియాన్ని ఒకచోట నిలువునా కోస్తే, కోతలో ఒక సన్నని విల్లు ఆకారం కనిపిస్తుంది. పల్చని విల్లు వైశాల్యం సుమారుగా పొడవు × మందం × 2/3. ఇక్కడ 6 × 0.09 × 2/3 = 0.36 చదరపు సెంటీమీటర్లు. అది చుట్టూ తిరిగే దూరం సుమారు 314 సెం.మీ. రెండూ గుణించండి: 113. కడియం చుట్టు పెరిగింది, మందం తరిగింది, మొత్తం మాత్రం కదల్లేదు.

మీరు భూగోళం అన్నారు కాబట్టి దాన్నీ వదలొద్దు. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న నున్నటి గోళం అనుకుందాం. 6 సెం.మీ. ఎత్తు కడియం మిగలాలంటే భూమధ్యరేఖ చుట్టూ ఒక పట్టీ తప్ప మిగతాదంతా పోవాలి. ఆ పట్టీ మందం, బంతి, రంధ్రం వ్యాసార్ధాల వర్గాల తేడా అయిన 9ని బంతి వ్యాసంతో భాగిస్తే దాదాపు వస్తుంది: సెంటీమీటరులో సుమారు 14.16 కోట్లో వంతు. ఒక హైడ్రోజన్ పరమాణువు వెడల్పు కన్నా అది తక్కువ, కాబట్టి ఏ లోహంతోనూ అలాంటి పట్టీ చెయ్యలేం. ఇది జ్యామితిలో మాత్రమే ఉండే కడియం. కానీ లెక్క మాత్రం ఆగదు. విల్లు వైశాల్యం 6 × 2/3 అంటే 4, దాన్ని 14.16 కోట్లతో భాగించాలి. చుట్టు 40,030 కి.మీ., అంటే 400.3 కోట్ల సెంటీమీటర్లు. 4 × 400.3 ÷ 14.16 చేస్తే మళ్లీ 113.1. నాకు ఈ లెక్కలో ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది ఈ మెట్టే. అంత పెద్ద సంఖ్యా, అంత చిన్న సంఖ్యా ఒకదాన్నొకటి కొట్టేసుకుని అరచేతిలో పట్టే పరిమాణం దగ్గర ఆగుతాయి.

ఇలా ఎన్ని బంతులు తీసుకున్నా ఉదాహరణలే తప్ప కారణం తెలియదు. కారణం కోసం కడియాన్ని నిలువుగా కాకుండా అడ్డంగా, పొరలుపొరలుగా కొయ్యాలి.

కేంద్రం నుంచి y ఎత్తులో బల్లకు సమాంతరంగా ఒక కోత పెట్టండి. కోతలో కనిపించేది వాషర్ ఆకారం. దాని బయటి వ్యాసార్ధం వర్గం, పైథాగరస్ ప్రకారమే, R² − y². లోపలి వ్యాసార్ధం అంటే రంధ్రానిది, దాని వర్గం R² − 9 అని ముందే చూశాం. వాషర్ వైశాల్యం బయటి వృత్తంలోంచి లోపలి వృత్తాన్ని తీసివేస్తే వస్తుంది:

π(R² − y²) − π(R² − 9) = π(9 − y²)

R² రెండు చోట్లా ఉంది, కొట్టుకుపోయింది. మీ సందేహం మొత్తానికి జవాబు ఈ ఒక్క వరుసలో ఉంది. బంతి సైజు బయటి గీతను ఎంత ముందుకు నెడుతుందో, లోపలి గీతను కూడా సరిగ్గా అంతే ముందుకు నెడుతుంది. ఇక్కడ "అంతే" అన్నది వ్యాసార్ధాల మాట కాదు, వాటి వర్గాల మాట. వైశాల్యం ఆధారపడేది వర్గాల మీదే కాబట్టి అది చాలు.

సంఖ్యలతో చూస్తే ఇంకా నమ్మకం కలుగుతుంది. నడుమ కోతలో, అంటే y = 0 దగ్గర, 5 సెం.మీ. బంతి వాషర్ 25π − 16π = 9π. 50 సెం.మీ. బంతి వాషర్ 2500π − 2491π, అదీ 9π. రెండు సెంటీమీటర్ల ఎత్తుకు వెళ్తే మొదటిది 21π − 16π = 5π, రెండోది 2496π − 2491π = 5π. మూడు సెంటీమీటర్ల దగ్గర రెండూ సున్నా, అంచు వచ్చేసింది. ఏ ఎత్తులో కోసినా రెండు కడియాల్లో లోహం వైశాల్యం ఒక్కటే అయినప్పుడు, ఆ పొరలన్నీ పేర్చగా వచ్చిన మొత్తాలు వేరు కావడానికి దారే లేదు. ఒకే ఎత్తున్న రెండు వస్తువుల్లో ప్రతి మట్టం దగ్గరా కోతల వైశాల్యాలు సమానమైతే ఘనపరిమాణాలూ సమానమే అన్న ఈ సూత్రానికి 17వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త కవలియెరి పేరు పెట్టారు. అదే శతాబ్దంలో జపాన్‌లో సెకి తకకజు సరిగ్గా ఈ కడియం లెక్కనే చేశాడు.

ఇప్పుడు π(9 − y²) వైపు ఇంకోసారి చూడండి. అది 3 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న ఒక మామూలు బంతిని y ఎత్తులో కోస్తే కనిపించే వృత్తం వైశాల్యం కూడా. అంటే కడియం ఏ బంతిలోంచి వచ్చినా, దాని ఘనపరిమాణం తన ఎత్తే వ్యాసంగా ఉన్న చిన్న బంతిది. 4/3 × π × 27 = 36π. ఎత్తును h అంటే సూత్రం ఇంత పొట్టిది:

V = πh³/6

మీ అమ్మాయికి సమాకలనం వచ్చు కాబట్టి ఆమె దీన్ని π(h²/4 − y²) ను −h/2 నుంచి h/2 వరకు సమాకలనం చేసి రెండు వరుసల్లో తేల్చవచ్చు. ఆమె ఇంకో దారిలో వెళ్లి ఉంటే అదీ తెలుసుకోవాలి. "సైజు ఇవ్వలేదంటే సైజుతో పని లేదన్నమాట, అయితే రంధ్రం వెడల్పు సున్నా అనుకుంటాను, అప్పుడు బంతి వ్యాసమే 6, జవాబు 36π" అని కొందరు పిల్లలు ఒక్క నిమిషంలో పెట్టేస్తారు. పరీక్షలో గుర్తు పెట్టడానికి ఆ దారి పనికొస్తుంది. కానీ ప్రశ్నకు ఒకే జవాబు ఉందని ముందే నమ్మి చేసిన పని అది. మీరు అడిగిందే ఆ నమ్మకానికి ఆధారం ఏమిటని. ఆమె మీకు ఆ దారి చెప్పి ఉంటే మీరు ఒప్పుకోకపోవడం సబబే. వాషర్ల లెక్క చూపిస్తేనే అది రుజువు.

మీ చేతిలో లేత్ ఉంది కాబట్టి దీన్ని చేసి తూచుకోవచ్చు. 110 మి.మీ. నైలాన్ రాడ్ ముక్క దొరికితే చాలు. పెద్ద బంతిని ముందు పూర్తిగా తిప్పి, తర్వాత రంధ్రం వెయ్యక్కర్లేదు. టోపీలు ఎలాగూ పోయేవే, వాటిని చెయ్యడం దండగ. రాడ్‌లోంచి సరిగ్గా 60 మి.మీ. పొడవు ముక్క ఫేసింగ్ చేసుకుని, 80 మి.మీ. బోర్ చేసి, మాండ్రెల్ మీదికి ఎక్కించి, బయట 50 మి.మీ. వ్యాసార్ధం గేజ్‌కు సరిపడేలా గుండ్రం తిప్పండి. గేజ్ కేంద్రం ముక్క పొడవుకు సరిగ్గా మధ్యలో, బోర్ అక్షం మీద పడాలి. అదే రాడ్‌లోంచి 60 మి.మీ. వ్యాసం ఉన్న ఒక గట్టి బంతి కూడా తిప్పండి. వేరే రాడ్ వాడితే సాంద్రత తేడా వచ్చి పోలిక చెడుతుంది. రెండిటినీ ఒక్కొక్కటిగా కాటాలో పెడితే దగ్గరదగ్గరగా 129 గ్రాములు తూగాలి, నైలాన్ సాంద్రత 1.14 చుట్టూ ఉంటుంది కాబట్టి. నీళ్లలో ముంచి కొలవాలని చూడకండి, నైలాన్ నీరు పీలుస్తుంది. కాటా నయం.

తేడా వస్తే ఎక్కడ వచ్చిందో ముక్కే చెబుతుంది. బోర్ కాస్త చిన్నదైతే, ఉదాహరణకు 79 వస్తే, కడియం రెండు చివర్లా అర మిల్లీమీటరు వెడల్పు చదును గట్టు మిగులుతుంది. బయటి గుండ్రం బోర్‌ను కలవకముందే ముక్క అయిపోయిందన్నమాట. అది మన లెక్కలోని కడియం కాదు. బోర్ పెద్దదై 81 వస్తే గట్టు ఉండదు, కానీ గుండ్రం ముందుగానే బోర్‌లో కలిసిపోయి ఎత్తు 60 బదులు 58.6 అవుతుంది. అప్పుడు ఘనపరిమాణం 113.1 నుంచి 105.6కి పడిపోతుంది. ఎత్తు ఘనం మీద ఆధారపడుతుంది కాబట్టి చిన్న తేడా మూడింతలై కనిపిస్తుంది. అలా జరిగినా ముక్క పారెయ్యకండి. ఆ కడియం కూడా సూత్రానికి కట్టుబడే ఉంది, కాకపోతే h విలువ మారింది. గట్టి బంతిని 58.6 మి.మీ. వ్యాసానికి తగ్గించి మళ్లీ తూచండి, రెండూ కలుస్తాయి.

ఇంకో జాగ్రత్త, ఇది మీకు నేను చెప్పనక్కర్లేదేమో గానీ చేతి అలవాటు ఊరుకోదు. అంచు దగ్గర గుండ్రమూ బోర్ గోడా సుమారు 37 డిగ్రీల కోణంలో కలుస్తాయి, అందుకే అది పదునుగా ఉంటుంది. బర్ తియ్యడానికి ఫైల్ పెట్టి ఆ అంచును కొట్టేస్తే పోయే పదార్థం చాలా తక్కువ, కానీ కాలిపర్‌కు దొరికే ఎత్తు బాగా తగ్గుతుంది. ఆ ఎత్తుతో లెక్క వేస్తే కడియం లెక్క కన్నా ఎక్కువ తూగుతున్నట్టు కనిపిస్తుంది. ఎత్తు కొలిచేదాకా అంచు ముట్టుకోకండి. అలాగే బోర్ అక్షం బంతి కేంద్రం గుండానే పోవాలి. పక్కకు జరిగితే రంధ్రం నోరు ఒక మట్టంలో ఉండదు, ఒక వైపు గోడ ఎత్తు ఒకటి, ఇంకో వైపు ఇంకొకటి అవుతుంది. అప్పుడు ఒక్క h అనేదే లేదు, ఈ సూత్రం దానికి వర్తించదు. కడియాన్ని చుట్టూ నాలుగుచోట్ల కొలిస్తే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

మీటరు వ్యాసం కడియం జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడ బోర్ వ్యాసార్ధంలో అర మిల్లీమీటరు పొరపాటు జరిగితే ఎత్తు 6 నుంచి 4 సెంటీమీటర్లకు పడిపోతుంది, ఘనపరిమాణం 113 నుంచి సుమారు 34కి వస్తుంది. బంతి పెరిగేకొద్దీ జవాబు మారదు గానీ, ఆ జవాబును చేతితో సాధించడం కష్టమవుతూ పోతుంది.

చివరగా, ఒకటే ఉండేది ఘనపరిమాణం ఒక్కటే, ఉపరితలం కాదు. మీ వైపు నుంచి ఏటికొప్పాక పోయి ఇలాంటి కడియాలు చెక్కతో చేయించి లక్క రంగు వేయించారనుకోండి. ఒకే రకం చెక్క అయితే అన్నీ ఒకే బరువు తూగుతాయి, రంగు మాత్రం వేర్వేరుగా పడుతుంది. బయటి ఉబ్బు వైశాల్యం 2πRh. 5 సెం.మీ. బంతి కడియానికి అది 188.5 చదరపు సెంటీమీటర్లు, 50 సెం.మీ. బంతి కడియానికి సరిగ్గా పదింతలు. ఇక్కడ R కొట్టుకుపోలేదు. మీ అమ్మాయిని ఆ సూత్రం ఎలా వచ్చిందో అడగండి, లోపలి గోడ వైశాల్యం కూడా కలిపి చెప్పమనండి. ఆ లెక్కకు మాత్రం బంతి సైజు ఇవ్వాల్సిందే.